వెబినార్ వక్తలకు రిహార్సల్ ఈమెయిల్: సమయం, లింకు, సాంకేతిక తనిఖీ

1.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- వక్తలందరికీ సరిపోయే రిహార్సల్ సమయాన్ని ఎంచి, తేదీ, వారం, కాలమానంతో సహా స్పష్టంగా రాయగలుగుతారు.
- వక్త లింకుకూ ప్రేక్షకుల లింకుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- ప్రతి వక్త పరికరానికీ, ఊరికీ తగిన సాంకేతిక తనిఖీలను ఈమెయిల్‌లో చేర్చగలుగుతారు.
- ఈమెయిల్ పనిచేసిందో లేదో ముందుగానే గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

వెబినార్ నిర్వాహకుడు వక్తలకు రాసే ఉత్తరాల్లో ఆహ్వానం మొదటిది. రిహార్సల్ ఈమెయిల్ రెండవది. మొదటిది మర్యాదకు సంబంధించినది, రెండవది పనికి సంబంధించినది. దీన్ని చదివిన వక్త మూడు పనులు చేయగలగాలి: చెప్పిన సమయానికి రావడం, సరైన లింకు నుంచి లోపలికి రావడం, తన మాట, తన చిత్రాలు అవతలివారికి చేరుతున్నాయని తేల్చుకోవడం. ఈ మూడింటికీ పనికిరాని వాక్యం ఆ ఈమెయిల్‌లో ఉండనవసరం లేదు.

ఈ యూనిట్‌లో ఒకే ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు అనుసరిస్తాం. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరప రైతులకు 2021 చివరి నెలలు బాగా గుర్తుంటాయి. త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్తరకం తామర పురుగు ఆ ఏడాది మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. రైతులు దాన్ని నల్ల తామర పురుగు అన్నారు. అంతకుముందు నుంచీ తెలిసిన తామర పురుగు ఆకులకు పై ముడత తెస్తుంది. కొత్త పురుగు ఎక్కువగా పూలలో గుంపులుగా చేరుతుంది, పూత రాలిపోతుంది. ఏ పురుగో గుర్తించకుండా మందు మీద మందు కొట్టిన రైతుకు ఖర్చు పెరిగింది, తోట మాత్రం నిలవలేదు.

ఇప్పుడు మీరు ఈ ప్రాంతంలోని ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి సమన్వయకర్త అనుకోండి. మిరప పూతకు వచ్చే వేళకు, అంటే 2025 నవంబరు 4, మంగళవారం సాయంత్రం 7.30కు, నల్ల తామర పురుగును గుర్తించడంపై ఒక వెబినార్ ఏర్పాటు చేశారు. వక్తలు ముగ్గురు. ఒకరు గుంటూరులో ఉండే కీటక శాస్త్రవేత్త. రెండవవారు త్రిపురాంతకం వైపు ఒక గ్రామంలో మిరప, పత్తి పండించే రైతు, ఆయన ఫోన్ నుంచే మాట్లాడతారు. మూడవవారు అమెరికాలోని డాలస్‌లో స్థిరపడిన తెలుగు వ్యవసాయ నిపుణురాలు. ఈ ముగ్గురికీ రిహార్సల్ ఈమెయిల్ రాయాలి.

1.2 రిహార్సల్ సమయాన్ని నిర్ణయించడం

రిహార్సల్‌ను వెబినార్‌కు రెండు మూడు రోజుల ముందు పెట్టడం మంచిది. అదే రోజు గంట ముందు పెడితే దొరికిన లోపాన్ని సరిచేసే వ్యవధి ఉండదు. హెడ్‌సెట్ పాడైందని సాయంత్రం 6.30కు తెలిస్తే, 7.30లోగా పల్లెటూళ్లో కొత్తది ఎక్కడ దొరుకుతుంది? వారం ముందు పెడితే ఆ రోజు సరిచూసిన అమరికలు వెబినార్ నాటికి మారిపోవచ్చు. మన ఉదాహరణలో నవంబరు 4 మంగళవారం కాబట్టి, శని, ఆదివారాలను వదిలి అక్టోబరు 31, శుక్రవారాన్ని ఎంచుకుందాం.

ఇక ఏ వేళ? అక్టోబరు చివర పత్తి తీతలు సాగుతుంటాయి. రైతు పొద్దు గూకేదాకా చేలోనే ఉంటాడు. కాబట్టి పగటి వేళ కుదరదు. వెబినార్ జరిగే వేళకే రిహార్సల్ కూడా పెట్టడంలో మరొక లాభం ఉంది. ఊళ్లో అందరూ ఇంటికి చేరి ఫోన్లు వాడే సాయంత్రం వేళ ఒకే టవర్ మీద ఒత్తిడి పెరిగి, డేటా వేగం తగ్గుతుంది. మధ్యాహ్నం మూడింటికి చక్కగా వినిపించిన గొంతు రాత్రి ఏడున్నరకు తెగిపోవచ్చు. అసలు వేళకే పరీక్షిస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది. అందువల్ల రిహార్సల్ కూడా సాయంత్రం 7.30కే.

డాలస్ విషయంలో ఒక చిక్కు ఉంది. భారతదేశం ఏడాది పొడవునా ఒకే కాలమానాన్ని పాటిస్తుంది. అమెరికాలో చాలా ప్రాంతాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం తిరిగి వెనక్కు తెస్తాయి. 2025లో ఆ ఆదివారం నవంబరు 2. అంటే అది మన రిహార్సల్‌కూ వెబినార్‌కూ సరిగ్గా మధ్యలో వచ్చింది.

లెక్క వేసి చూద్దాం. భారత కాలమానం ప్రపంచ ప్రామాణిక కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మన సాయంత్రం 7.30 అంటే ప్రామాణిక కాలంలో మధ్యాహ్నం 2 గంటలు. అక్టోబరు 31న డాలస్ దానికి 5 గంటలు వెనుక ఉంటుంది, కాబట్టి అక్కడ ఉదయం 9 గంటలు. నవంబరు 4న 6 గంటలు వెనుక ఉంటుంది, కాబట్టి అక్కడ ఉదయం 8 గంటలు. రిహార్సల్‌కు 9 గంటలకు వచ్చిన వక్త వెబినార్‌కు కూడా 9 గంటలకే రావాలనుకుంటే, ఆమె చేరేసరికి మన దగ్గర రాత్రి 8.30 అవుతుంది. కార్యక్రమం సగం దాటిపోతుంది. అందుకే ఆమెకు వెళ్లే ఈమెయిల్‌లో రెండు తేదీలకూ డాలస్ సమయాన్ని విడివిడిగా రాయాలి. "రిహార్సల్ వేళకే" అని రాయకూడదు.

తేదీతో పాటు వారం పేరు రాయడం అలవాటు చేసుకోండి. తేదీ అంకె తప్పు పడితే, వారంతో పొసగక చదివేవారికి వెంటనే అనుమానం వస్తుంది. 31/10, 10/31 వంటి అంకెల తేదీలు వద్దు. నవంబరు 4ను 4/11 అని రాస్తే అమెరికా అలవాటున్నవారు ఏప్రిల్ 11గా చదవవచ్చు.

1.3 ఏ లింకు, ఎవరికి?

జూమ్ వెబినార్ వంటి సేవలో రెండు రకాల ప్రవేశాలు ఉంటాయి. ప్రేక్షకుడు చూడగలడు, వినగలడు, ప్రశ్న రాయగలడు. వక్త మైకు, కెమెరా తెరవగలడు, తన తెరను పంచుకోగలడు. వక్తల పేర్లు, ఈమెయిల్ చిరునామాలు మీరు నమోదు చేసినప్పుడు జూమ్ ఒక్కొక్కరికి ఒక్కో ప్రత్యేక లింకు పంపుతుంది. ప్రేక్షకులకు వెళ్లేది నమోదు లింకు. రెండూ పొడవాటి అక్షరాల వరుసలే కాబట్టి చూసి తేడా పోల్చుకోవడం కష్టం.

దీనివల్ల రెండు తప్పులు తరచుగా జరుగుతాయి.

మొదటిది, వక్త ప్రేక్షకుల లింకుతో లోపలికి రావడం. వాట్సాప్ బృందంలో తిరుగుతున్న ప్రచార చిత్రం కింద ఉన్న లింకు చేతికి అందుతుంది, దాన్నే నొక్కుతారు. అప్పుడు ఆయన తెర మీద కార్యక్రమం కనిపిస్తుంది కానీ మైకు, కెమెరా తెరిచే బొత్తాలు కనిపించవు, Raise Hand వంటివి మాత్రమే ఉంటాయి. దీన్నే గుర్తుగా ఈమెయిల్‌లో చెప్పాలి. నిర్వాహకుడు పాల్గొనేవారి జాబితాలో ప్రేక్షకుల వరుసను వెతికి, ఆ పేరు పక్కన Promote to Panelist నొక్కితే ఆయన వక్తగా మారతారు. వందలాది పేర్లలో వెతకడం కష్టం కాబట్టి, వక్త తన పేరు స్పష్టంగా పెట్టుకోవడం ముఖ్యం.

రెండవది, వక్త తన లింకును ఇతరులకు పంపడం. "నేను మాట్లాడుతున్నాను, చూడండి" అని రైతు తన ఊరి బృందంలో తన ప్రత్యేక లింకునే పెట్టాడనుకోండి. దాన్ని నొక్కినవారు ఆయన పేరుతోనే వేదిక మీదికి వస్తారు. అందరి మైకులూ తెరుచుకుంటే మాట ఎవరిదో తెలియదు. "ఎవరికీ పంపవద్దు" అని మాత్రం రాసి ఊరుకుంటే సరిపోదు. బంధువులకు, స్నేహితులకు చెప్పుకోవాలని వక్తకు ఉంటుంది, అది సహజం. పంపడానికి వీలైన నమోదు లింకును కూడా అదే ఈమెయిల్‌లో, వేరుగా, పేరు పెట్టి ఇవ్వాలి.

రిహార్సల్‌కు ఏ లింకు వాడాలి? వేరే సాధారణ మీటింగ్ పెట్టి కొత్త లింకు పంపితే వక్త ఈమెయిల్‌లో రెండు లింకులు పోగవుతాయి. వెబినార్ రోజున పాతదాన్ని నొక్కి ఖాళీ గదిలో కూర్చునే ప్రమాదం ఉంది. దీనికి బదులు వెబినార్ అమరికలలో practice session అనే దాన్ని ఎంచుకోవచ్చు. అప్పుడు నిర్వాహకుడు, వక్తలు మాత్రమే లోపల ఉంటారు. Start Webinar నొక్కేదాకా ప్రేక్షకులు రాలేరు. వక్తకు రెండు రోజులూ ఒకే లింకు. అయితే రిహార్సల్ జరుగుతున్నంతసేపూ ఆ బొత్తాన్ని నొక్కకుండా నిర్వాహకుడు జాగ్రత్తపడాలి. నొక్కితే లోపలి సంభాషణ అంతా బయటికి వెళుతుంది.

ప్రత్యేక వెబినార్ సేవ కొనకుండా సాధారణ మీటింగ్‌నే వాడే సంస్థలు కూడా చాలా ఉన్నాయి. అక్కడ అందరికీ ఒకే లింకు ఉంటుంది. అప్పుడు పై రెండు తప్పులు రావు కానీ, ప్రేక్షకుల మైకులను నిర్వాహకుడే అదుపులో పెట్టవలసి వస్తుంది.

1.4 సాంకేతిక తనిఖీలు

ఇరవై తనిఖీల జాబితా పంపితే వక్త ఒక్కటీ చేయడు. మాట, చిత్రం, కరెంటు అనే మూడింటికి పరిమితం కండి.

మాట: చూపు కాస్త మసకబారినా శ్రోత సర్దుకుంటాడు. మాట తెగితే సర్దుకోలేడు. లీటరు నీటికి ఎంత మందు కలపాలో చెబుతున్నప్పుడు ఒక్క అంకె తెగిపడితే రైతు తప్పు మోతాదు రాసుకుంటాడు. వక్త ఫోన్ స్పీకర్‌లో ఇతరుల మాట వింటుంటే, ఆ ధ్వని తిరిగి ఆయన మైకులోకి వెళ్లి ప్రతిధ్వనిగా మారుతుంది. వైరు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ దారి మూసుకుంటుంది. ఫోన్ నుంచి మాట్లాడేవారికి మరొక ఇబ్బంది ఉంది. మధ్యలో మామూలు కాల్ వస్తే మైకు ఆ కాల్‌కు వెళ్లిపోతుంది. ఇంట్లో వై-ఫై ఉంటే ఫోన్‌ను విమానం గుర్తు అమరికలో పెట్టి, వై-ఫై మాత్రం తెరవడం సులువైన ఉపాయం. మొబైల్ డేటా మీదే ఆధారపడేవారికి ఇది కుదరదు. వారు Do Not Disturb పెట్టుకుని, ఆ గంటసేపు ఫోన్ చేయవద్దని ఇంట్లోవారికి చెప్పాలి.

సిగ్నల్ బలహీనంగా ఉంటే ఏం చేయాలో కూడా చెప్పండి. జూమ్‌లో మాట ఒక్కదానికి సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు చాలు. మంచి వీడియో పంపడానికి దాదాపు ఒక మెగాబిట్, అంటే పది రెట్లకు పైగా కావాలి. అందుకే మాట తెగుతున్నప్పుడు వక్త మొదట చేయవలసిన పని కెమెరా ఆపడం.

చిత్రం: నల్ల తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. పూవును కెమెరా ముందు పట్టుకుని చూపిస్తే ప్రేక్షకుల చిన్న ఫోన్ తెర మీద ఒక మచ్చ కూడా కనిపించదు. దగ్గరగా తీసిన ఫొటోను స్లైడ్‌లో పెట్టి తెర పంచుకోవాలి. స్లైడ్లలో తెలుగు అక్షరాల సమస్య మరొకటి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో, ఉదాహరణకు అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. వక్త కంప్యూటర్ పాడై, ఆయన స్లైడ్లను మీరు చూపవలసి వచ్చినప్పుడే ఈ లోపం బయటపడుతుంది. అందుకే స్లైడ్లను పిడిఎఫ్‌గా మార్చి ముందే పంపమని కోరాలి. పిడిఎఫ్‌లో ఫాంటు కూడా కలిసి వస్తుంది. అది వచ్చిన వెంటనే మీ కంప్యూటర్‌లో తెరిచి ఒక్కసారి చూడండి.

కరెంటు: కరెంటు పోతే ఇంట్లోని రౌటర్ కూడా ఆగిపోతుంది. ఫోన్‌లో చార్జింగ్ ఉన్నా నెట్ ఉండదు. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉందో లేదో, లేకపోతే మొబైల్ డేటా ఎంత మిగిలి ఉందో అడగాలి.

1.5 నమూనా ఈమెయిల్

లింకులు వేరువేరు కాబట్టి ముగ్గురికీ విడివిడిగా పంపాలి. రైతు వక్తకు పంపేది ఇది.

విషయం: రిహార్సల్ – అక్టోబరు 31, శుక్రవారం, సాయంత్రం 7.30 – మిరప వెబినార్

గౌరవనీయులైన రైతు సోదరులకు నమస్కారం.

నల్ల తామర పురుగుపై మన వెబినార్ నవంబరు 4, మంగళవారం సాయంత్రం 7.30కు జరుగుతుంది. దానికి ముందు ముగ్గురు వక్తలతో అరగంట రిహార్సల్ పెట్టుకుంటున్నాం.

రిహార్సల్: అక్టోబరు 31, శుక్రవారం, సాయంత్రం 7.30 నుంచి 8.00 వరకు.

మీ ప్రత్యేక లింకు ఇది. రెండు రోజులూ దీన్నే నొక్కండి. ఇది మీ ఒక్కరికే, దయచేసి ఎవరికీ పంపవద్దు.

```
[వక్త ప్రత్యేక లింకు]
```

మీ ఊరివారికి, బంధువులకు పంపడానికి ఈ లింకు వాడండి:

```
[ప్రేక్షకుల నమోదు లింకు]
```

లోపలికి వచ్చాక తెర మీద మైకు, కెమెరా తెరిచే బొత్తాలు కనిపిస్తే మీరు సరైన చోటే ఉన్నారు. కనిపించకపోతే బయటికి వచ్చి, పైనున్న మొదటి లింకును మళ్లీ నొక్కండి.

శుక్రవారం లోగా ఈ మూడు పనులు చేసి ఉంచండి:
1. ఫోన్‌లో జూమ్ యాప్ వేసుకుని, మీ పేరు, ఊరు పేరు పెట్టుకోండి.
2. వైరు ఉన్న ఇయర్‌ఫోన్ దగ్గర ఉంచుకోండి.
3. పూతను దగ్గరగా తీసిన మూడు ఫొటోలు నాకు పంపండి. వాటిని నేనే తెర మీద చూపిస్తాను, మీరు మాట్లాడితే చాలు.

రిహార్సల్‌లో మీరు ఇంట్లో ఏ చోట కూర్చుని మాట్లాడదలిచారో అక్కడే కూర్చోండి.

బుధవారం సాయంత్రం లోగా ఈ రెండింటికి జవాబు ఇవ్వండి: శుక్రవారం సమయం మీకు కుదురుతుందా? మీ ఇంట్లో నెట్ వై-ఫైనా, మొబైల్ డేటానా?

లోపలికి రావడంలో ఇబ్బంది అయితే వెంటనే నా నంబరుకు ఫోన్ చేయండి.

ఇట్లు,
సమన్వయకర్త (పేరు, ఫోన్ నంబరు)

డాలస్ వక్తకు పంపేదానిలో సమయం దగ్గర ఈ వాక్యాలు చేరతాయి: "రిహార్సల్ మీకు అక్టోబరు 31, శుక్రవారం ఉదయం 9.00. వెబినార్ మీకు నవంబరు 4, మంగళవారం ఉదయం 8.00. నవంబరు 2న మీ గడియారం మారుతుంది కాబట్టి ఈ గంట తేడా." శాస్త్రవేత్తకు పంపేదానిలో ఫొటోల స్థానంలో స్లైడ్ల పిడిఎఫ్ అడుగుతాం. మిగిలినదంతా ఒకటే.

1.6 ఈమెయిల్ పనిచేసిందా?

పంపడంతో పని అయిపోదు. జవాబు రాకపోవడం అంటే అంగీకారం అని అర్థం కాదు. బుధవారం సాయంత్రానికి జవాబు రానివారికి గురువారం ఉదయం ఫోన్ చేయాలి. "చూశాను, సరే" అని మాత్రమే రాసి రెండో ప్రశ్నకు జవాబివ్వని వక్త ఈమెయిల్‌ను చివరిదాకా చదవలేదని గ్రహించవచ్చు. అడిగిన ప్రశ్నలకు ఉన్న ఉపయోగాల్లో ఇదొకటి.

రిహార్సల్‌లో ప్రతి వక్తకు ఏడెనిమిది నిమిషాలు కేటాయించండి. "వినిపిస్తోందా?" అని అడగడం చాలదు. ఎవరైనా అవుననే అంటారు. వక్తను ఐదు అంకెలు చదవమని చెప్పి, మిగతా ఇద్దరినీ వాటిని తిరిగి చెప్పమనండి. ఒక్క అంకె తప్పినా మాట తెగుతున్నట్టే. అలాగే స్లైడ్ చూపించి, పురుగు ఎక్కడ కనిపిస్తోందో ఫోన్ మీద చూస్తున్న రైతునే అడగండి. ఆయన చూడగలిగితే ప్రేక్షకులైన రైతులూ చూడగలుగుతారు.

రిహార్సల్ ముగిసిన రాత్రే నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి: వెబినార్ తేదీ, ఎవరికి వారి సమయం, "అదే లింకు" అనే మాట, ఆ వక్త సరిచేసుకోవలసిన ఒక్క విషయం. లింకును అందులో మళ్లీ అతికించండి. పాత ఈమెయిల్‌ను వెతికే పని వక్తకు పెట్టవద్దు.

1.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

గమనిక: మీ జవాబులను కింద ఇచ్చిన జవాబులతో పోల్చుకోండి.

1. ఒక వక్త లోపలికి వచ్చారు. తెర మీద Raise Hand ఉంది కానీ మైకు, కెమెరా తెరిచే బొత్తాలు లేవు. కారణం ఏమిటి?
2. నవంబరు 4న భారతదేశంలో సాయంత్రం 7.30 అయితే డాలస్‌లో ఎంత?
3. మాట తెగుతున్నప్పుడు వక్త మొదట ఏం చేయాలి? ఎందుకు?

జవాబులు:
1. ఆయన ప్రేక్షకుల లింకుతో వచ్చారు. తన ప్రత్యేక లింకును నొక్కాలి, లేదా నిర్వాహకుడు ఆయనను వక్తగా మార్చాలి.
2. ఉదయం 8 గంటలు.
3. కెమెరా ఆపాలి. వీడియోకు మాట కంటే పది రెట్లకు పైగా డేటా వేగం కావాలి.

1.8 సారాంశం

రిహార్సల్‌ను వెబినార్‌కు రెండు మూడు రోజుల ముందు, అదే వేళకు పెట్టాలి. విదేశంలోని వక్తకు రెండు తేదీల సమయాలనూ విడిగా లెక్కించి రాయాలి. వక్త లింకు, ప్రేక్షకుల లింకు వేరువేరని చెప్పి, రెండింటినీ పేర్లతో ఇవ్వాలి. తనిఖీలు మాట, చిత్రం, కరెంటు అనే మూడింటికి సంబంధించి, ఆ వక్త పరికరానికి తగినట్టు ఉండాలి. ఈమెయిల్ చివర జవాబు కోరే ప్రశ్నలు, గడువు ఉండాలి.

1.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. వెబినార్ రిహార్సల్ సమయాన్ని నిర్ణయించడంలో గమనించవలసిన అంశాలను ఉదాహరణతో వివరించండి.
2. పత్తిలో గులాబీ రంగు కాయతొలుచు పురుగుపై వెబినార్‌లో మాట్లాడే ఇద్దరు వక్తలలో ఒకరు లండన్‌లో ఉన్నారు. అక్కడ అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కు మారుతుంది. ఆ ఆదివారానికి ముందు రిహార్సల్, తరువాత వెబినార్ జరిగేటట్టు తేదీలు ఎంచుకుని, ఆ వక్తకు ఈమెయిల్ రాయండి.